ఎత్తిన చెయ్యి ఎవరికి

జగిత్యాలలో మా ఆఫీసు ఒక మందుల దుకాణం మీద ఉంటుంది. మూడు గదులు, తొమ్మిది మంది మనుషులు, పదకొండు కంప్యూటర్లు. వీధివైపు కిటికీలకు దుమ్ము రాకుండా టేపు అంటించి ఉంటుంది. ఆ టేపు ఒకచోట ఊడితే దాని మీదే ఇంకో టేపు వేస్తాం. నేను చేరిన ఈ పదహారు నెలల్లో ఆ కిటికీ తెరుచుకోవడం ఒక్కసారి కూడా చూడలేదు.

హైదరాబాద్‌లోని ఒక కంపెనీ తయారుచేస్తున్న చిప్‌లో ఒక చిన్న భాగం మా పని. చిప్ అంటే చేతికి వచ్చేదాకా అది ఉత్త రాతే. సిస్టమ్ వెరిలాగ్ అనే భాషలో రాసి, ఆ రాతను కంప్యూటర్‌లో నిజం చిప్‌లా నడిపి చూస్తారు. దాన్నే సిమ్యులేషన్ అంటారు. రాసేవాళ్ళు ఒకరు, రాసింది సరిగా ఉందా లేదా అని పట్టిపట్టి చూసేవాళ్ళు ఒకరు. నేను రెండో రకం.

నేను రాసేవి అసర్షన్లు. సిమ్యులేషన్ నడిచినంతసేపూ ప్రతి క్లాక్‌కూ, అంటే చిప్ గుండె కొట్టుకున్న ప్రతిసారీ, కళ్ళు తెరిచి చూస్తూ, ఫలానాది జరిగితే ఫలానాది జరగాల్సిందే అని పట్టుబట్టే వాక్యాలు అవి. జరగకపోతే తెరమీద ఎర్ర గీత పడుతుంది, లాగ్ అనే నమోదు ఫైలులో టైము పడుతుంది. జరిగితే ఏ చప్పుడూ ఉండదు. మొత్తం ముప్పై ఒకటి రాశాను. ఏడోది ఇది:

req |-> ##[1:16] ack

రిక్వెస్ట్ వస్తే, ఆ తర్వాత ఒకటి నుంచి పదహారు క్లాకుల లోపల ఆక్ రావాలి. ఒక భాగం 'డేటా కావాలి' అని ఒక్క క్లాక్‌పాటు తన తీగను సున్నా నుంచి ఒకటికి ఎత్తుతుంది, అది రిక్వెస్ట్. రెండో భాగం 'అందింది' అని ఒక్క క్లాక్‌పాటు తన తీగ ఎత్తుతుంది, అది ఆక్. ఎన్ని రిక్వెస్టులో అన్ని ఆక్‌లు, అదే వరుసలో. అడిగే భాగం మా ఆఫీసుది. జవాబిచ్చే మెమరీ కంట్రోలర్ హైదరాబాద్ కంపెనీ వాళ్ళది.

అడిగే భాగాన్ని రాసింది అక్క. నిజానికి మేము చుట్టాలం కాము. ఆమె కోరుట్ల నుంచి రోజూ బస్సులో వస్తుంది. నాకంటే మూడేళ్ళు పెద్ద. భర్త మస్కట్‌లో ఉంటాడు. నాలుగేళ్ళ కూతురు, అత్త ఇంట్లో ఉంటారు. చేరిన మొదటిరోజే "సిరిసిల్ల పోరనివా? ఇగ నువ్వు నాకు తమ్మునివి" అని తేల్చేసింది. చిప్ డిజైన్ పని దొరికే కుర్చీ కోరుట్ల నుంచి బస్సు దూరంలో ఉన్నది ఇదొక్కటే. ఈ మాట ఆమె నవ్వుతూనే అంటుంది. ఇది పోతే హైదరాబాద్ వెళ్ళాలి, అది కుదరని పని, అంతే.

మా సార్ హైదరాబాద్‌లో పన్నెండేళ్ళు చేసి సొంతూరికి వచ్చి ఈ ఆఫీసు పెట్టారు. మంచివారు, భయస్తులు. మేము చేరేటప్పుడు రెండేళ్ళ ఒప్పందం రాయించుకుని, టెన్త్ మెమో నుంచి బీటెక్ పట్టా దాకా అసలు కాగితాలన్నీ తన గదిలో బీరువాలో పెట్టుకున్నారు. నావి ఆరు. బీరువా పచ్చ రంగు. తాళం చెవి ఆయన బనియన్ లోపల జంధ్యంలా వేలాడే నల్లదారానికి ఉంటుంది.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. అది సార్ పెట్టిందే. అసర్షన్ రాసి ఎర్ర గీత పడలేదంటే ఆయన నమ్మరు. "అసలు అది చూస్తున్నదో, కండ్లు మూసుకున్నదో నీకెట్ల ఎరుక?" అంటారు. అందుకని ప్రతి అసర్షన్‌నూ ఒకసారి కావాలని చెడగొట్టి, అది ఎర్రబడటం ఇద్దరు కళ్ళారా చూసి, గోడకు అంటించిన పెద్ద కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ కాగితాన్ని చెడగొట్టిన పట్టిక అనేవాళ్ళం. ముప్పై ఒక్క వరుసలు, రెండేసి సంతకాలు.

ఏడో వరుసలో రెండో సంతకం అక్కది.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ఆక్ తీగను సిమ్యులేషన్ మొత్తం సున్నాకు కట్టేశాను. పదహారు క్లాకులు దాటగానే తెర ఎర్రబడింది. "అక్కా, ఒక్కసారి చూడవా" అని పిలిచాను. ఆమె బ్యాగు భుజాన వేసుకుని ఉంది. కోరుట్ల మీదుగా పోయే మెట్‌పల్లి బస్సుకు టైము.

"ఎర్రగైందా? అయింది. తే, పెన్ను తే. బస్సు పోతే నన్ను నువ్వు మోసుకపోతవా కోరుట్లకు?"

సంతకం పెట్టి మెట్లు దిగింది. నేను ఆ వరుస పక్కన టిక్ పెట్టాను.

నాలుగు నెలల తర్వాత ఒక శుక్రవారం హైదరాబాద్ నుంచి మెయిల్ వచ్చింది. చిప్ మొత్తాన్ని కలిపి నడిపితే, మూడున్నర గంటలు నడిచాక మా భాగం అడగడం ఆపేస్తోంది. చిప్ బిగుసుకుపోతోంది. వాళ్ళు రాసిన కారణం చాలా పొందికగా ఉంది. మా భాగానికి ఒకేసారి నాలుగు రిక్వెస్టులు జవాబు రాకుండా ఉండొచ్చు. ఒక రిక్వెస్ట్ పంపితే, నాలుగుతో మొదలయ్యే లోపలి లెక్కలో ఒకటి తగ్గుతుంది, ఆక్ వస్తే ఒకటి పెరుగుతుంది, సున్నాకు చేరితే అడగడం ఆగుతుంది. బిగుసుకున్న చోట ఆ లెక్క సున్నా దగ్గర నిలబడి ఉంది. కానీ ఏడో అసర్షన్ మూడున్నర గంటలూ కాపలా కాసింది, ఒక్క ఎర్ర గీత లేదు. అంటే ప్రతి రిక్వెస్ట్‌కూ ఆక్ వచ్చింది. వచ్చిన ఆక్‌లను మా భాగమే లెక్కపెట్టుకోలేకపోయింది. కాబట్టి తప్పు మా డిజైన్‌లో ఉంది. డిజైనర్‌ను మార్చండి. వచ్చే గురువారం కాల్‌లో మాట్లాడదాం.

ఆ మెయిల్‌కు నా లాగ్ జత చేసి ఉంది. ఫెయిల్యూర్లు సున్నా. దాంతోపాటు మా పట్టిక ఫొటో కూడా ఉంది. సార్ ఎప్పుడో గర్వంగా పంపినదే. ఏడో వరుస చుట్టూ వాళ్ళెవరో పసుపు గీత గీశారు.

అక్క ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"మంచిగుంది తమ్ముడూ. నా మీద నేనే సాక్షి సంతకం పెట్టుకున్న."

శనివారమంతా ఇద్దరం కూర్చున్నాం. వేవ్‌ఫార్మ్, అంటే తీగలు ఎప్పుడు పైకి లేచాయో ఎప్పుడు దిగాయో చూపించే గీతలు, చివరి కొద్దిసేపటివే ఉన్నాయి. మూడున్నర గంటల గీతలన్నీ దాచుకోవాలంటే సర్వర్‌లో చోటు చాలదు. ఆ చివరి ముక్కలో ఏమీ లేదు. రిక్వెస్ట్ లేదు, ఆక్ లేదు, లెక్క సున్నా. అంతకుముందు జరిగినదాన్ని మొత్తం చూసింది నా వాక్యం ఒక్కటే. అది మౌనంగా ఉంది.

అక్క తన కోడ్‌లో లెక్క పెరిగే చోటు, తగ్గే చోటు, రెండూ ఒకే క్లాక్‌లో జరిగే చోటు వేలు పెట్టి చదివింది. నాలుగుసార్లు చదివింది. తప్పు దొరకలేదు. తప్పు దొరికితే బాగుండునని ఆమె అనుకోవడం నాకు కనబడింది. దొరికితే దిద్దుకోవచ్చు.

సాయంత్రం సార్ ఆమెను గదిలోకి పిలిచి, సోమవారం నుంచి గురువారం కాల్ అయ్యేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు. "నేను మాట్లాడుత బిడ్డా" అన్నారు. బయటికి వచ్చి ఆమె తన టిఫిన్ డబ్బా, శాలువా, కూతురు బొమ్మ గీసిన మౌస్‌ప్యాడ్ బ్యాగులో పెట్టుకుంది. మౌస్‌ప్యాడ్ కూడా తీసుకెళుతోంది.

ఆదివారం సిరిసిల్ల వెళ్ళాను.

మా బాపు ఇంకా సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే పనిచేస్తాడు. సొంతవి కావు, ఒక ఆసామి షెడ్డులో. ఇరవై నాలుగు సాంచాలు నడిచే షెడ్డులో మాట వినబడదు. నోరు తెరిచి అరిచినా పక్కవాడికి పెదవులే కనబడతాయి. అందుకని అక్కడ చెయ్యి ఎత్తుతారు. సాంచ మొరాయిస్తే దాన్ని ఆపి, నడిపేవాడు చెయ్యి ఎత్తి నిలబడతాడు. వాటిని బాగుచేసే మేస్త్రి ఎక్కడున్నా చూసి, తనూ చెయ్యి ఎత్తుతాడు. చూసిన, వస్తున్న అని. అప్పుడు నడిపేవాడు చెయ్యి దించి ఎదురుచూస్తాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

నేను అన్నం గిన్నె తీసుకుని వెళ్ళేసరికి బాపు సాంచ ఆగి ఉంది. ఆయన దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. షెడ్డు ఆ మూలన మేస్త్రి ఇంకొకరి సాంచ కింద దూరి ఉన్నాడు. పావుగంట గడిచింది. మేస్త్రి లేచాడు, చేతులు తుడుచుకున్నాడు, బీడీ ముట్టించుకోవడానికి బయటికి వచ్చాడు. బాపు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"ఏందే మేస్త్రీ, నా సాంచ గట్లనే ఉన్నది. నువ్వు చెయ్యెత్తితివి గదా?"

"నీకా? నేనెత్తింది గా మూలాయనకు."

"నేను గూడ ఎత్తిన గదనే!"

"నిన్ను నేనెక్కడ చూసిన? ఆయన ఎత్తిండు, నేనెత్తిన. నువ్వు నడుమల నీదనుకున్నవ్."

"మరి నీ చెయ్యి మీద పేరు రాసి లేకపాయె!"

మేస్త్రి నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నేను గిన్నె పట్టుకుని ఆ గోడ పక్కన అలాగే నిలబడ్డాను.

రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ నా వాక్యం ఒక కొత్త ఎదురుచూపు మొదలుపెడుతుంది. రెండు క్లాకుల తేడాతో రెండు రిక్వెస్టులు వస్తే రెండు ఎదురుచూపులు పక్కపక్కనే నిలబడతాయి. ఆ తర్వాత ఒక ఆక్ వస్తుంది. మొదటిది తనకే వచ్చిందనుకుని ఇంటికి వెళ్ళిపోతుంది. రెండోదీ తనకే వచ్చిందనుకుని వెళ్ళిపోతుంది. రెండో ఆక్ ఎన్నటికీ రాకపోయినా అడిగేవాడు లేడు. ఆక్ మీద పేరు లేదు. పేరు అడగమని నేను రాయలేదు.

మరి చెడగొట్టి చూశాం కదా? చూశాం. ఆక్‌లన్నిటినీ చంపి చూశాం. అన్నీ చచ్చిపోతే ఎవరైనా అరుస్తారు. ఒక్కదాన్ని, పక్కన ఇంకో ఆక్ బతికుండగా చంపి చూడలేదు.

ఇంటికి వెళ్ళాక అవ్వ "అన్నం తింటవారా" అంటే తల ఊపానట. తినలేదట. వేములవాడ మీదుగా జగిత్యాల బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక చేతిలో ఇంకా గిన్నె మూత ఉంది.

సోమవారం పొద్దున నా సొంత ఫోల్డర్‌లో ఫైలు కాపీ చేసుకున్నాను. అసలు ఫైలు హైదరాబాద్ వాళ్ళకు అప్పగించేశాం. ఫ్రీజ్ అయింది, ముట్టుకోకూడదు. కాపీలో రెండు లెక్కలు పెట్టాను. వచ్చిన రిక్వెస్టులకు ఒకటి, వచ్చిన ఆక్‌లకు ఒకటి. రిక్వెస్ట్ రాగానే దాని నంబరును ఆ ఎదురుచూపు తన జేబులో పెట్టుకుంటుంది. పదహారు క్లాకుల్లో వచ్చే ఆక్‌లలో తన నంబరున్న ఆక్‌నే ఒప్పుకుంటుంది. వేరేవాళ్ళది తీసుకోదు. రెండు లైన్లు పెరిగాయి, అంతే.

పది గంటలకు మొదలుపెట్టాను. మొదటి ఎర్ర గీత పదిన్నర కాకముందే పడింది. ఆ తర్వాత తెరంతా ఎరుపే. అది సహజం. ఒక ఆక్ పోతే ఆ తర్వాత నంబర్లన్నీ ఒకటి పక్కకు జరుగుతాయి. కాబట్టి మొదటిదే నమ్మాలి. మిగతాదంతా దాని వెనక అరుపు. అయినా ఆపకుండా చివరిదాకా నడవనిచ్చాను. ఒకటిన్నరకు చిప్ బిగుసుకుంది. రెండు లెక్కలూ పక్కపక్కన చూశాను. రిక్వెస్టులు ఆక్‌ల కంటే సరిగ్గా నాలుగు ఎక్కువ.

నాలుగు ఆక్‌లు ఎప్పుడూ రాలేదు. అక్క లెక్క సున్నా దగ్గర నిలబడిందంటే అది తప్పడం కాదు. ఆ చిప్ మొత్తంలో సరిగ్గా లెక్కపెట్టింది అదొక్కటే.

మళ్ళీ నడిపి, మొదటి ఎర్ర గీతకు కొంచెం వెనక నుంచి గీతలు దాచాను. కనబడింది. రెండు క్లాకుల తేడాతో రెండు రిక్వెస్టులు. ఒక ఆక్. రెండోదానికి కంట్రోలర్ జవాబివ్వలేదు. ఒక చిన్న ముక్క, నా అరచేయంత వెడల్పు. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

ఇక్కడ ఆగి నిజం రాయాలి. ఆ క్షణంలో నేను లేచి అక్కకు ఫోన్ చేయలేదు. తెల్ల కాగితం తీసుకుని, చెబితే ఏమవుతుందో రాసుకున్నాను. నా ఏడోది తప్పు అని తెలుస్తుంది. ఏడోది తప్పైతే మిగతా ముప్పై మీద నమ్మకం పోతుంది. అవన్నీ అదే పద్ధతిలో చెడగొట్టి సంతకాలు పెట్టినవే. పట్టిక మొత్తం పోతుంది. ఈ పట్టిక పద్ధతి చూసే హైదరాబాద్ వాళ్ళు మాకు పని ఇచ్చారు. పని పోతే తొమ్మిది మంది. నా ఒప్పందంలో ఎనిమిది నెలలు మిగిలి ఉన్నాయి. ఆరు కాగితాలు పచ్చ బీరువాలో ఉన్నాయి. 'చెప్పకపోతే' అని రెండో శీర్షిక రాసి, దాని కింద 'అక్క' అని ఒక్క మాట రాశాను. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, సాయంత్రం దాకా వేరే పని చేశాను.

మంగళవారం సార్‌కు చెప్పాను. ఆయన స్క్రీన్‌షాట్‌ను దగ్గరగా పెట్టుకుని చూశారు. ఆయనకు అర్థమవడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత లేచి తలుపు మూశారు.

"ఫ్రీజైన ఫైలు నువ్వెందుకు ముట్టుకున్నవ్?"

"ముట్టుకోలేదు సార్. కాపీల చేసిన."

"కాపీల చేసినా చేసినట్టే. గిది బయటపెడితే వాళ్ళేమంటరో ఎరుకేనా? మీ ముప్పై ఒకటీ పనికిరావంటరు. నాలుగు నెలల పని."

"తప్పు వాళ్ళ కంట్రోలర్ల ఉన్నది సార్."

"వాళ్ళ తప్పు మనం పట్టాలె. అందుకే మనల పెట్టుకున్నరు. పట్టలేదు. నాలుగు నెలలు పచ్చగుంది పచ్చగుంది అని రాసి పంపినం." ఆయన గొంతు తగ్గింది. "ఆమెకు వేరే పని చూస్త. డాక్యుమెంట్లు రాసే పని. కొన్నాళ్ళైనంక మళ్ళ తీసుకుందం. నువ్వు చిన్నోనివి, నీకు తెల్వది."

డాక్యుమెంట్లు రాసే పని మా ఆఫీసులో లేదు. అది ఆయనకూ తెలుసు. మాట్లాడుతూ ఆయన ఛాతీ మీది తాళం చెవిని బట్టపైనుంచి తడుముకున్నారు. అది బెదిరింపు అని నేననుకోను. అలవాటు. కానీ నా కళ్ళు అక్కడికే పోయాయి, ఆయన అది చూశారు. టేపు వేసిన కిటికీ అవతల ఆటో ఒకటి హారన్ కొడుతూనే ఉంది.

బుధవారం ఒంట్లో బాగాలేదని చెప్పి కోరుట్ల బస్సెక్కాను.

అక్క ఇల్లు బస్టాండు నుంచి నడిచేంత దూరం. గడప లోపల వాళ్ళ అత్త చేటలో బీడీలు చుడుతోంది. పాప నేలమీద పడుకుని తునికాకు ముక్కలు వరుసగా పేరుస్తోంది. అక్క లోపలి గదిలో పాత క్యాలెండర్ కాగితాల వెనక తన లెక్క కోడ్‌ను చేత్తో మళ్ళీ రాస్తోంది. ఐదోసారి.

"ఏంరా, ఆఫీసు ఎగ్గొట్టినవా? కూసో. చాయ పెడుత."

స్క్రీన్‌షాట్ ప్రింటు ఆమె ముందు పెట్టాను. ఆమె వేలితో రిక్వెస్టుల మీద తట్టింది, ఒకటి, రెండు. ఆక్ మీద తట్టింది, ఒకటి. పక్కన ఖాళీ తీగ మీద వేలు జరుపుకుంటూ కాగితం చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆమె ముఖం ఒక్కసారిగా వదులైంది. పెన్ను పక్కన పడేసింది.

"నా లెక్క తప్పు కాదా?"

"కాదక్కా. చివరికి తేడా నాలుగు. నీ లెక్క కరెక్టు."

"నాలుగు!" అని ఆమె గట్టిగా నవ్వింది. బయటి నుంచి అత్త "ఏమైందే కోడలా?" అంది. "ఏం లేదత్తా, నా నాలుగు దొరికినయి!" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "ఎట్ల పట్టినవ్?"

షెడ్డు గురించి, మేస్త్రి చెయ్యి గురించి చెప్పాను. ఆమె నవ్వుతూ వింది. వింటూ వింటూ నవ్వు ఆపింది.

"గిది ఎప్పుడు?"

"ఆదివారం."

"నడిపి చూసింది?"

"సోమవారం."

"ఇయ్యాల ఏం వారం?"

"బుధవారం."

"సోమవారం మధ్యాన్నం నేను హైదరాబాద్ల మా పిన్ని ఇంటికి ఫోన్ చేసిన. పిల్లను తీస్కొని ఒక్క రూములనన్న ఉంటం, జర చూడుమని. నిన్న మా ఆయనకు మస్కట్‌కు ఫోన్ చేసి ఏడ్సిన. గప్పుడు నీకు తెలుసు."

"సార్‌తోని మాట్లాడుదామని..."

"సార్ ఏమన్నడు?"

చెప్పాను. ఆమె ప్రింటును మడతపెట్టలేదు, తిరిగి ఇవ్వలేదు. క్యాలెండర్ కాగితాల మీద పెట్టి దాని మీద నీళ్ళ చెంబు పెట్టింది.

"చాయ తాగిపో" అంది. టీ తెచ్చి పెట్టింది. ఆమె తాగలేదు.

గురువారం కాల్ పదకొండింటికి. పది ముప్పావుకు అక్క మెట్లెక్కి వచ్చింది. ఎవరూ పిలవలేదు. శాలువా తీయకుండా, సార్ గదిలో గోడ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. సార్ ఆమెను చూసి, నన్ను చూసి, కాల్ కలిపారు. స్పీకర్‌లో అటువైపు మేనేజర్ గొంతు వచ్చింది. నమస్కారాలయ్యాయి. డిజైనర్ విషయం ఏం చేశారని అడిగాడు.

సార్ గొంతు సవరించుకున్నారు. "అదే సార్, మేము కూడా చూస్తున్నాం..." అని ఆగారు.

ఆ ఖాళీలోకి నేను మాట్లాడాను. ధైర్యంతో అని రాయలేను. గోడ పక్కన ఆమె నా వైపు చూడకపోవడం భరించలేక మాట్లాడాను. ఏడో అసర్షన్ తప్పు అని, దాన్ని రాసింది నేనని, ఒక ఆక్ ఇద్దరిని ఊరుకోబెడుతుందని చెప్పాను. సార్ చెయ్యి మ్యూట్ బటన్ మీదికి వెళ్ళింది. దాని మీదే ఉంది. నొక్కలేదు. స్క్రీన్ షేర్ చేసి ఆ అరచేయంత ముక్క చూపించాను. రెండు, ఒకటి.

అటువైపు చాలాసేపు కీబోర్డు చప్పుడే వినబడింది. ఆ తర్వాత ఇంకో గొంతు, అక్కడి డిజైనర్ కావచ్చు, ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు: మెమరీ తనలోని డేటాను తాజా చేసుకునే రిఫ్రెష్ జరిగే క్లాక్‌లోనే రెండో రిక్వెస్ట్ వస్తే మేము దాన్ని పట్టుకుంటున్నామా? మేనేజర్ "చూసి చెబుతాం" అని పెట్టేశాడు.

మర్నాడు మెయిల్ వచ్చింది. కంట్రోలర్‌లో ఒక లైను మార్చారు. డిజైనర్‌ను మార్చమన్న మాట ఎక్కడా లేదు, క్షమాపణా లేదు. చివరి పేరాలో: మీ ముప్పై ఒక్క అసర్షన్లనూ మళ్ళీ మొదటి నుంచి పరీక్షించి పంపండి. అంతవరకు కొత్త పని ఉండదు.

సార్ పాత పట్టికను గోడ మీద నుంచి తానే ఊడదీశారు. కొత్తది అంటించారు. దానికి ఒక గడి ఎక్కువ. అన్నీ చంపితే ఎర్రబడిందా అన్న గడి పక్కన, ఒక్కదాన్ని మాత్రం చంపితే ఎర్రబడిందా అన్నది. రెండో సంతకం ఎవరిదని అడిగితే అక్క "నేను పెడుత" అంది. నా వైపు చూడకుండా అంది.

అప్పటి నుంచి నా పని ఇదే. ఒక అసర్షన్ తీసుకుంటాను. రిక్వెస్టులను దగ్గరదగ్గరగా జరుపుతాను. నడుమ ఒకదాన్ని చంపుతాను. ఎర్రబడేదాకా తిరగరాస్తాను. పదకొండు అయ్యాయి. వాటిలో మూడు ఏడోదానిలాగే కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఇంకా ఇరవై ఉన్నాయి. కిటికీకి టేపు అలాగే ఉంది. బీరువాలో ఆరు కాగితాలు అలాగే ఉన్నాయి. సార్ నన్ను తిట్టలేదు. పొమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు.

అక్క మౌస్‌ప్యాడ్ మళ్ళీ తెచ్చుకుంది. టిఫిన్ డబ్బాలో పచ్చడి ఉంటే ఇప్పటికీ అందరికీ పెడుతుంది, నాక్కూడా. తమ్ముడూ అని మాత్రం పిలవలేదు. సంతకానికి పిలిస్తే వస్తుంది. బస్సు టైమైనా సరే, బ్యాగు కింద పెట్టి కూర్చుంటుంది. "మళ్ళ నడుపు" అంటుంది. "ఇంకో చోట చంపు" అంటుంది. నాలుగైదు సార్లు చూస్తేగానీ పెన్ను తీసుకోదు. రెండుసార్లు ఆమెకు బస్సు తప్పింది.

నిన్న సాయంత్రం పదకొండోది ఎర్రబడింది. నా కుర్చీలోంచే "అక్కా, ఒక్కసారి" అన్నాను. అదే క్షణంలో పక్క గదిలోంచి ఇంకెవరో కూడా ఆమెను పిలిచారు. ఆమె తల తిప్పకుండా తెర వైపే చూస్తూ ఎడమ చెయ్యి పైకెత్తింది.

ఎవరికి ఎత్తిందో నాకు తెలియలేదు. కాసేపు కూర్చున్నాను. ఆ తర్వాత లేచి, ఆమె కుర్చీ పక్కకు నడిచి వెళ్ళి అడిగాను.